కల చెప్తే గొడవ, చెప్పకపోతే "మొహం ఎందుకు మాడ్చుకున్నావ్" అని గొడవ

జున్నుముక్క
నెల రోజులుగా ఒకటే కల. మా ఆయన (నాకు మేనబావే) బండి మీద వెళ్తూ, వేసి ఉన్న రైల్వే గేటు కింద నుంచి వంగి దూరి పట్టాల మీదకి పోతుంటాడు. నేను ఇవతల నిలబడి పిలుస్తుంటాను. గొంతు రాదు. రైలు కూత వినిపిస్తుంది, అక్కడ మెలకువ వచ్చేస్తుంది. వారంలో మూడుసార్లు వస్తోంది, ఒక్కో వారం నాలుగు.

మాది తెనాలి. బావ రోజూ బండి మీద గుంటూరు వెళ్ళొస్తాడు. మొదట్లో ఏమీ చెప్పలేదు. రెండో వారంలో ఒక సోమవారం పొద్దున అతను హెల్మెట్ పెట్టుకుంటుంటే ఆపుకోలేక వాకిట్లోనే అనేశాను, "ఇవాళ వెళ్ళకు బావా, పాడు కలొచ్చింది" అని. వంటింట్లోంచి అత్తయ్య విన్నది. "ఎన్నింటికి వచ్చిందే?" అంది. నాలుగున్నరకి అన్నాను. ఇంక చూస్కోండి. తెల్లవారుజాము కల కదా, బండి తాళం తీసి బియ్యం డబ్బాలో దాచేసింది. ఆ రోజు బావకి ఆఫీసులో ఆడిట్. బస్సు పట్టుకుని పదకొండున్నరకి వెళ్ళాడు, మెమో ఇచ్చారు. సాయంత్రానికి గుమ్మానికి నిమ్మకాయలు, గురువారానికి జాతకం.

"నీ కలకి నాకు మెమో వచ్చింది" అని పది రోజులు ఎత్తిపొడిచాడు. సరే అని చెప్పడం మానేశాను. ఇప్పుడు "పొద్దున్నే ఆ మొహం ఏంటి, అమ్మ ఏమన్నా అందా" అని ఇంకో గొడవ.

చెప్పాలా, వద్దా? చెప్పాలంటే ఎలా చెప్పాలి? కల అర్థం అడగడం లేదు. రైలంటే శని, గేటంటే రాహువు అని చెప్పే మనిషి ఇంట్లోనే ఉంది.

డల్లాస్_శీను
నాకు పళ్ళు రాలిపోయినట్టు తరచుగా వస్తుంది. పైవరస. అది ఎవరికి కీడంటారు?

బావిగిలక
ఇన్సూరెన్సు కంపెనీకి. అక్కడ పళ్ళు కట్టించుకునే ఖర్చు తెలుసుగా. శీనూ, ఆవిడ రాసిన ఆఖరి పేరా ఒకసారి చదువు.

వరంగల్_పోరడు
చెప్పాలె. దాచిపెట్టుడు ఎందుకు? నాకు పీడకల వస్తె లేవంగనె మా ఆమెకు మొత్తం చెప్తా. "సరె తియ్, చాయ్ పెట్టు" అంటది. అయిపాయె. గింత దానికి గొడవేంది?

జున్నుముక్క
@వరంగల్_పోరడు మీ ఇంట్లో బియ్యం డబ్బా ఎవరి చేతిలో ఉంటుందో కూడా చెప్పండి.

సీతమ్మవాకిలి
అమ్మాయీ, మీ అత్తగారిని తప్పు పట్టకు. కొడుకు పట్టాల మీద ఉన్నాడని వింటే ఏ తల్లి ఊరుకుంటుంది? తెల్లవారుజాము కల ఊరికే రాదు. రామాయణంలో భరతుడు మేనమామ ఇంట్లో ఉండగా కల కన్నాడు. తండ్రి జుట్టు విరబోసుకుని కొండ మీద నుంచి పేడగుంటలో పడ్డట్టు, దోసిళ్ళతో నూనె తాగినట్టు, గాడిదల రథమెక్కి దక్షిణానికి పోయినట్టు. తెల్లారేసరికి అయోధ్య నుంచి మనుషులు వచ్చారు. అబద్ధమయిందా మరి?

చెడ్డ కల వస్తే మనిషికి చెప్పకూడదనేది మా అమ్మమ్మ. లేవగానే పెరట్లోకి వెళ్ళి నూతిలోకి వంగి నీళ్ళకి చెప్పి, మొహం కడుక్కుని రమ్మనేది. తర్వాత గజేంద్రమోక్షం చదువుకోవడం. అది దుస్స్వప్నాలు పోగొడుతుందని భాగవతంలోనే ఉంది. నేను అరవై ఏళ్ళుగా అదే చేస్తున్నాను, ఏ గొడవా లేదు.

బావిగిలక
పిన్నిగారూ, మాది నాలుగో అంతస్తు. ట్యాంకు దగ్గరకి వెళ్ళి చెబితే కింది వాళ్ళందరికీ నా కల సప్లై అవుతుంది.

లెక్కలమాస్టారు
సీతమ్మగారు చెప్పిన ఘట్టమే తీసుకోండి. భరతుడికి కల వచ్చేటప్పటికే దశరథుడు పోయాడు. దూతలు ఆ రాత్రికే ఊరు చేరారు. అంటే ఆ కల కబురే గానీ హెచ్చరిక కాదు. అది ఎవరికి చెప్పినా, ఎవరి రథం తాళం దాచినా జరిగేదేమీ లేదు. ఇంకో సంగతి గమనించారా? ఆ పొద్దున భరతుడు దిగులుగా ఉంటే స్నేహితులు కథలు చెప్పారు, వీణలు వాయించారు, నవ్వించబోయారు. అతను తేరుకోలేదు. ఒక స్నేహితుడు "ఎందుకలా ఉన్నావు" అని నేరుగా అడిగాక నోరు విప్పాడు. ఈ అమ్మాయి ఇంట్లో జరుగుతున్నదీ అదే.

సీతమ్మవాకిలి
మాస్టారూ, వాదనకి బాగానే ఉంది. అడగ్గానే చెప్పాడు, చెప్పాక కూడా భయం తగ్గలేదనే ఉంది కదా అక్కడ.

లెక్కలమాస్టారు
అదీ నిజమే. ఒప్పుకుంటున్నాను.

నిద్రలేని_నాగరాజు
నా కేసు వేరే. మా ఆవిడకి నేను ఇంకెవరితోనో బైకు మీద వెళ్తున్నట్టు కలొచ్చింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఏంటని అడిగితే "నీకు తెలుసు" అంటుంది. నాకేం తెలుసు? నేను ఆ కలలో లేను కదా! మూడో రోజు చెప్పింది. నేను పగలబడి నవ్వాను. ఇంకో మూడు రోజులు మాట్లాడలేదు.

మగాళ్ళ తరఫున అడుగుతున్నా, కలలో చేసిన తప్పుకి కూడా మేమే సారీ చెప్పాలా?

కందిపొడి_కారం
బైకు మీద వెనక కూర్చున్నదెవరో అడిగారా? అది ముఖ్యం.

నిద్రలేని_నాగరాజు
మొహం కనబడలేదంట. చీర మాత్రం తనదేనంట. అసలు కోపం అందుకు.

రాత్రిడ్యూటీ
నేను పదకొండేళ్ళుగా ఒక ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగంలో సైకాలజిస్టుని. నిద్రలో భయపడే వాళ్ళని, వాళ్ళకంటే ఎక్కువగా వాళ్ళ ఇంట్లోవాళ్ళని చూస్తుంటాను. జున్నుముక్క గారి పోస్టులో నాకు కనబడ్డది చెప్తాను.

మీరు చెప్పడం తప్పు కాదు. చెప్పిన వేళ, చెప్పిన వాక్యం తేడా కొట్టాయి. "ఇవాళ వెళ్ళకు బావా, పాడు కలొచ్చింది". ఇందులో భయం ఉంది, కల ఉంది, ఒక డిమాండు ఉంది. మూడూ ఒకే ముద్దగా మనిషి హెల్మెట్ పెట్టుకుంటుండగా అతని చేతిలో పెట్టారు. అతనికి భయం వినబడలేదు, "వెళ్ళకు" ఒక్కటే వినబడింది. అత్తయ్యగారికి కల మాత్రమే వినబడింది. మీ భయం ఎవరికీ చేరకుండా అక్కడే ఉండిపోయింది.

ఈ మూడింటినీ విడదీయండి. రాత్రి మెలకువ వచ్చినప్పుడు కథ వద్దు. లైటు వెయ్యండి, కాళ్ళు నేల మీద పెట్టండి, నీళ్ళు తాగండి. పక్క మనిషిని లేపాల్సి వస్తే "పీడకల వచ్చింది, కాసేపు చెయ్యి పట్టుకో, ఇప్పుడేం అడక్కు" అంటే చాలు. నిద్రమత్తులో ఉన్నవాడికి కథంతా చెబితే సగం విని "ఊరుకో, పడుకో" అంటాడు. అది విసుగులా వినిపించి ఇద్దరి నిద్రా చెడుతుంది.

కథ పగలు చెప్పండి. మనిషి బయల్దేరుతున్నప్పుడు కాదు, తిరిగి వచ్చి స్నానం చేసి కూర్చున్నాక. ఎదురుగా క్షేమంగా కూర్చున్న మనిషికి అతను పోయిన కల చెబితే చెప్పేవాళ్ళకీ వినేవాళ్ళకీ తేలిక. మొదటి మాటే "నువ్వేం చెయ్యక్కర్లేదు, వింటే చాలు" అనండి. ఇలా అనకపోతే చాలామంది మగవాళ్ళు వింటూనే పరిష్కారం వెతుకుతుంటారు, దొరక్క చిరాకు పడతారు.

ఇక డిమాండు. నిజంగా బండి ప్రయాణం గురించి మీకు బెంగ ఉంటే దాన్ని ఇంకో రోజు విడిగా మాట్లాడండి. రాత్రిపూట ఆ రోడ్డు, బ్రేకులు, గేటు దగ్గర తొందర, ఏదైనా సరే. అక్కడ కలని సాక్ష్యంగా తీసుకురాకండి. సాక్ష్యం చూపించగానే అవతలి మనిషి దాన్ని కొట్టేస్తాడు, దాంతోపాటు మీ మాట కూడా పోతుంది.

నాగరాజు గారూ, సారీ అక్కర్లేదు. నవ్వకుండా ఉంటే సరిపోయేది. కల అబద్ధమే గానీ రెండు రోజులు ఆవిడ పడ్డ బాధ అబద్ధం కాదు కదా. జంటల కలల మీద 2014లో వచ్చిన ఒక పరిశోధనలో, కలలో గొడవ పడిన మర్నాడు నిజంగా కూడా గొడవలు పెరిగాయని తేలింది. అవతలి మనిషికి మాత్రం కారణం తెలియదు.

వరంగల్_పోరడు
అక్కా మంచిగనే చెప్పినవ్ గానీ, పొద్దంత ఆగుమంటె ఆ భయం కడుపుల పెట్టుకొని తిరగాల్నా? నాకైతె అది కష్టం.

రాత్రిడ్యూటీ
లేవగానే ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకోండి. "కల ఉంది, సాయంత్రం చెప్తా" అని ఒక్క మాట చెప్పి ఊరుకోండి. మీ ఆవిడ లాంటి శ్రోత ఉంటే ఇవేవీ అక్కర్లేదు, టీ పెట్టి ఇవ్వండి చాలు.

డల్లాస్_శీను
సరే ఇప్పుడు సరిగ్గా చదివాను. నాకు ఇటువైపు సమస్య ఉంది. కలలు కనేది నేను కాదు, మా అమ్మ. నెల్లూరులో ఆవిడకి కల వస్తే తెల్లారి అయిదింటికి ఫోన్ చేస్తుంది. నాకది సాయంత్రం, మీటింగులో ఉంటాను. ఎత్తకపోతే పన్నెండు సార్లు చేస్తుంది. ఎత్తితే ఏడుపు. "కారు నడపకు" అంటుంది. కారు నడపకుండా ఇక్కడ పాలపాకెట్టు కూడా రాదు. "పిచ్చి కలలు అమ్మా" అని కసిరాను. మూడు వారాలు ఫోనే చెయ్యలేదు. ఆ మూడు వారాలు నాకు నిద్ర పట్టలేదు.

బావిగిలక
ఆవిడకి కల, నీకు జాగారం.

రాత్రిడ్యూటీ
"పిచ్చి కల" అనే మాటే తీసెయ్యండి. కల నిజమా కాదా అనే వాదనలోకి వెళ్తే ఆవిడని గెలవలేరు, గెలిచినా లాభం లేదు. "భయపడ్డావా అమ్మా, నేను బానే ఉన్నాను, కాఫీ తాగుతున్నాను" అనండి. వీలుంటే వీడియోలో మొహం చూపించండి. తర్వాత ఏం తిన్నారు, ఎవరొచ్చారు అని మామూలు మాటల్లోకి తీసుకెళ్ళండి. పన్నెండు ఫోన్లు తగ్గాలంటే, ఆవిడ లేచే వేళకి మీరు ముందే ఒక మెసేజి పెట్టే ఏర్పాటు చేసుకోండి. ఆవిడకి కావలసింది మీరు ఉన్నారన్న కబురు.

సీతమ్మవాకిలి
ఇది మాత్రం బాగా చెప్పావమ్మా.

లెక్కలమాస్టారు
తెల్లవారుజాము సంగతి ఎవరూ మాట్లాడలేదు. నాకు తెలిసి కలలన్నీ తెల్లవారుజామునే వస్తాయి, రాత్రి మొదటి సగంలో రావు. కాబట్టి ఆ వేళకి మహత్యం ఏమీ లేదు.

రాత్రిడ్యూటీ
సగం కరెక్టు మాస్టారూ. రాత్రంతా కలలు వస్తాయి. కాకపోతే కథలాగా, కళ్ళకి కట్టినట్టు ఉండే కలలొచ్చే నిద్ర దాదాపు గంటన్నరకోసారి వచ్చిపోతుంది. మొదటిసారి కొద్ది నిమిషాలే ఉంటుంది, తెల్లారేకొద్దీ పొడుగవుతుంది. నాలుగు, అయిదు మధ్య పొడుగాటి కల, దాని మధ్యలోనే మెలకువ. అందుకే గుర్తుంటుంది. పదింటికి పడుకున్న వాళ్ళకి రాత్రి పన్నెండుకి వచ్చిన కలని నిద్రే మింగేస్తుంది. జున్నుముక్క గారి అత్తయ్య "ఎన్నింటికి" అని అడిగితే నూటికి తొంభై మంది తెల్లవారుజామనే చెప్తారు. (తొంభై అన్నది మాట వరసకి.)

కందిపొడి_కారం
మా నాన్నది చెప్తాను. ఆయనకి అరవై నాలుగు. రెండేళ్ళుగా నిద్రలో అరుస్తున్నాడు, కాళ్ళు తంతున్నాడు. ఎవరో తరుముతున్నట్టు కలలంట. ఒకసారి అమ్మ దవడ మీద పిడికిలి పడింది, నల్లగా కమిలిపోయింది. అమ్మ ఎవరికీ చెప్పలేదు, గడప తగిలి పడ్డానంది. చుట్టుపక్కల వాళ్ళు ఇంకోలా అనుకున్నారు. నాన్న సిగ్గుతో వరండాలో పడుకుంటున్నాడు. దీన్ని ఇంట్లో ఎలా మాట్లాడాలి?

రాత్రిడ్యూటీ
మాటలు తర్వాత, ముందు న్యూరాలజిస్టుకి చూపించండి. ఇది పీడకల చెప్పుకోవడం దగ్గర ఆగే విషయం కాదు. కలలొచ్చే ఆ నిద్రలో మామూలుగా కండరాలు పట్టు వదిలేసి ఒళ్ళు కదలకుండా ఉంటుంది. అలా పట్టు వదలకపోతే కలలో చేసేది మంచం మీద చేస్తారు. యాభై దాటిన వాళ్ళలో, మగవాళ్ళలో ఎక్కువగా చూస్తాం. కొందరిలో ఇది కొన్నేళ్ళ తర్వాత వచ్చే పార్కిన్సన్స్ లాంటి జబ్బుకి ముందస్తు గుర్తు కావచ్చు. అందరికీ కాదు, కానీ చూపించకుండా వదిలెయ్యకూడదు. రాత్రంతా వైర్లు పెట్టి నిద్రని రికార్డు చేసే పరీక్ష రాస్తారు. వీలుంటే మీరే ఒక రాత్రి ఫోన్‌లో వీడియో తీసి డాక్టరుకి చూపించండి.

అప్పటిదాకా అమ్మ వేరే మంచం మీద పడుకోవాలి. నాన్న మంచం ఎత్తు తక్కువగా ఉంటే మంచిది, పక్కన గాజు, మూలల బల్లలు వద్దు. అమ్మతో మాత్రం ఒక మాట నేరుగా అనండి, "నాన్న కొట్టలేదు, నిద్ర కొట్టింది, దాచాల్సిందేం లేదు" అని. నాన్న కూడా వినేలా అనండి.

కందిపొడి_కారం
ఆ ఆఖరి మాట అమ్మకి చదివి వినిపించాను. ఏమీ అనలేదు. వరండాలోకి వెళ్ళి నాన్న దుప్పటి లోపలికి తెచ్చింది. సోమవారానికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.

నిద్రలేని_నాగరాజు
నేను మా ఆవిడని అడిగాను, "ఆ కలలో అన్నిటికంటే ఏది బాధేసింది" అని. బైకు మీద ఎవరో ఉండటం కాదంట. తను పిలుస్తుంటే నేను ఫోన్ చూసుకుంటూ వెళ్ళిపోయానంట. నేను ఫోన్ చూసుకుంటూ బైకు నడపను అని వాదించబోయి ఆగిపోయాను.

బావిగిలక
ఆగావు చూడు, అక్కడ బతికిపోయావు.

జున్నుముక్క
అందరివీ చదివాను. శనివారం రాత్రి భోజనాలయ్యాక మేడ మీద కూర్చుని బావకి చెప్పాను. "నువ్వేం చెయ్యక్కర్లేదు" అని మొదలెట్టాను. గొంతు రాకపోవడం దగ్గరికి వచ్చేసరికి ఏడుపొచ్చింది. అతను మెమో ఊసెత్తలేదు. "నెల రోజులా?" అన్నాడు. అతను రెండు మూడు సార్లే అనుకున్నాడంట.

కానీ కల ఆగలేదు. ఆదివారం మళ్ళీ వచ్చింది. చెప్పుకుంటే పోతుందనుకున్నాను.

రాత్రిడ్యూటీ
చెప్పుకోవడం వల్ల గొడవ పోతుంది, ఒంటరితనం పోతుంది. కల పోవాలని లేదు. రెండు అడుగుతాను. నెలా నెలన్నర కింద ఏం జరిగింది? కొత్తగా ఏమన్నా మందులు మొదలెట్టారా?

జున్నుముక్క
మా వీధిలో ఒకాయన బండి మీద వెళ్తూ యాక్సిడెంటులో పోయాడు, నలభై రోజులవుతోంది. వాళ్ళావిడని చూడ్డానికి వెళ్ళాను. మందులంటే మైగ్రేనుకి ఇచ్చారు, ప్రొప్రనొలాల్ అని, 40 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు. అది కూడా దాదాపు అప్పుడే. తలనొప్పి మాత్రకీ కలకీ సంబంధం ఏంటి?

రాత్రిడ్యూటీ
ఉండొచ్చు. ఆ మందు కొందరికి పీడకలలు తెస్తుంది, బాగా తెలిసిన సంగతే. ఉబ్బసానికిచ్చే మాంటెలుకాస్ట్, కొన్ని డిప్రెషన్ మందులు, పొగ మాన్పించే మందులు కూడా. పెద్ద జాగ్రత్త: మీరే ఆపెయ్యకండి. ఆ రకం మందు ఒక్కసారిగా ఆపితే గుండె దడ, బీపీ ఎగదన్నడం జరగొచ్చు. రాసిన డాక్టరుకి "మొదలెట్టిన తేదీ ఇది, కలలు మొదలైన తేదీ ఇది" అని చెప్పండి. మార్చడమా తగ్గించడమా ఆయన చూస్తారు.

అయితే వీధిలో చావు, కొత్త మాత్ర ఒకే వారంలో వచ్చాయి కాబట్టి ఏది కారణమో ఇక్కడ కూర్చుని నేను తేల్చలేను. రెండూ కావచ్చు.

ఈలోగా ఒకటి చేసి చూడండి. పగలు పూర్తి మెలకువలో ఉండగా ఆ కలని మీకు నచ్చినట్టు మార్చి రాయండి. ఎక్కడ మార్చాలో మీ ఇష్టం, కొత్తది మీకు ఊరటగా ఉంటే చాలు. తర్వాత రోజుకి పది నుంచి ఇరవై నిమిషాలు ఆ కొత్త కథని కళ్ళు మూసుకుని సినిమాలా నడిపించుకోండి. పాతది నడిపించకండి. కొన్ని వారాలు పట్టొచ్చు. పీడకలలకి పరీక్షించి చూసిన పద్ధతుల్లో ఇది ముందుంది. మీ మీద నిజంగా జరిగిన ఘోరం కలగా వస్తుంటే మాత్రం ఒంటరిగా చెయ్యకండి, తెలిసిన వాళ్ళ దగ్గర చెయ్యాలి. ఎవర్ని అడగాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైను టెలీ మానస్ 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

సీతమ్మవాకిలి
కలని మార్చి రాయడమేంటమ్మా! వచ్చిన కల వచ్చింది.

వరంగల్_పోరడు
పిన్నీ, మీరు నూతిల నీళ్ళకు చెప్పంగ లేంది, ఆమె నోటుబుక్కుకు చెప్తె తప్పైతదా?

సీతమ్మవాకిలి
నోరు పెద్దదే నీది. సరే, రాసుకోమను. పొద్దున గజేంద్రమోక్షం కూడా చదువుకోమను, దానికేం మందు అక్కర్లేదు.

జున్నుముక్క
రాశాను. గేటు దగ్గరికి రాకముందే బావ బండి టైరు పంక్చరు అయినట్టు రాశాను. అతను దిగి నెట్టుకుంటూ గేటు పక్కన జామకాయల బుట్ట దగ్గర ఆగుతాడు, రైలు వెళ్ళిపోతుంది, నాకు గొంతొస్తుంది. "ఉప్పూకారం వేయించుకో" అని అరుస్తాను.

బావకి చూపించాను. చదివి, "పంక్చరు ఎందుకు, పెట్రోలు అయిపోయినట్టు రాయి, నిజంగా అయ్యేది అదే" అన్నాడు. నిజమే, ఎప్పుడూ రిజర్వులోనే నడుపుతాడు. మార్చాను. కలలో అయినా పెట్రోలు కొట్టించుకోవా అని నవ్వుకున్నాం. నెల తర్వాత నవ్వాం దాని మీద.

అత్తయ్యకి మాత్రం చెప్పలేదు. దాస్తున్నట్టు ఉంది నాకు. అదొకటి పీకుతోంది.

కందిపొడి_కారం
దాచడం కాదు అది. ఆవిడ నీకు మేనత్త కదా, రేపు తనే అడుగుతుంది. అప్పుడు తాళం నీ చేతిలో పెట్టుకుని చెప్పు.

లెక్కలమాస్టారు
నేను ఒప్పుకోను. ఇంట్లో ఉన్న మనిషికి తెలియకుండా ఇద్దరు మేడెక్కి గుసగుసలాడితే ఆవిడ ఇంకేదో ఊహించుకుంటుంది. కల కంటే అది పెద్ద తలనొప్పి. క్లుప్తంగా చెప్పాలి.

రాత్రిడ్యూటీ
ఇద్దరి మాటా తీసెయ్యలేను. మా దగ్గరికి వచ్చిన ఇళ్ళల్లో రెండు రకాలూ చూశాను. భయాన్ని మొయ్యగలిగే మనిషికి చెప్పాలి, భయాన్ని పనిగా మార్చే మనిషికి ఆచితూచి చెప్పాలి. అత్తయ్యగారు ఏ రకమో జున్నుముక్క గారికే తెలుసు.

డల్లాస్_శీను
రోజూ నిద్ర లేవగానే కనబడేలా అమ్మకి ఒక ఫోటో పెడుతున్నాను. నిన్న పాలపాకెట్టు ఫోటో పెట్టాను. "కారులో వెళ్ళి తెచ్చావా" అని అడిగింది.

బావిగిలక
ఏం చెప్పావ్?

డల్లాస్_శీను
పక్కింటాయన తెచ్చాడని.

కందిపొడి_కారం
మా అప్‌డేట్. నిద్ర పరీక్ష రాశారు, వచ్చే నెల 9న. నాన్న మంచం కాళ్ళు కోయించి ఎత్తు తగ్గించాం. అమ్మ పక్కనే ఇంకో మంచం వేసుకుంది, మధ్యలో దిళ్ళ గోడ కట్టింది. "పెళ్ళైన కొత్తలో కూడా ఇంత దూరం లేదు" అని నాన్న గొణుగుతున్నాడు.

జున్నుముక్క
డాక్టరుకి తేదీలు చెప్పాను. మాత్ర రెండు వారాల్లో కొంచెం కొంచెంగా తగ్గించి వేరేది ఇస్తానన్నారు. ఇంకా పూర్తిగా ఆగలేదు. ఈ వారం కల ఒక్కసారే వచ్చింది, అందులో గేటు ఉంది, రైలు ఉంది, బావ మాత్రం ఎక్కడున్నాడో కనబడలేదు. మెలకువ వచ్చాక భయమేసింది గానీ మునుపటంత కాదు. మందు తగ్గడం వల్లో, రాసుకోవడం వల్లో, చెప్పుకోవడం వల్లో నాకు తెలియదు.

అత్తయ్య నిన్న తనే అడిగింది, "ఆ కల మళ్ళీ వస్తోందా" అని. తగ్గింది అన్నాను. "ఎన్నింటికి వస్తోంది?" అంది.

తొమ్మిదింటికి అన్నాను.

బావిగిలక
రాత్రి తొమ్మిదా, పొద్దున తొమ్మిదా?

జున్నుముక్క
ఆవిడా అదే అడిగింది.